ఐదు వందల పేర్లు, ఒకే వీడియో

భోగి నాటి పొద్దున్న ఫోన్ తెరిస్తే, ఎప్పుడో చీరలు కొన్న దుకాణం నుంచి ఓ చిన్న వీడియో వచ్చి ఉంటుంది. రథం ముగ్గు, గంగిరెద్దు, వెనక సన్నాయి. నాలుగు సెకన్లు గడిచాక తెర మధ్యలో మీ పేరే కనబడుతుంది: ‘సుజాత గారికి సంక్రాంతి శుభాకాంక్షలు’. పక్కింటావిడకూ అదే వీడియో వచ్చింది, కాకపోతే అందులో ఆవిడ పేరుంది. దుకాణంలో ఎవరో కూర్చుని ఇన్ని వీడియోలు విడివిడిగా చేశారా? చేయలేదు. చేసింది ఒక్కటే. దానికి పేర్ల పట్టికను జోడించి, మిగతా పని కంప్యూటర్‌కు అప్పజెప్పారు.

పద్ధతి తేలికే. ముందు 20 సెకన్ల మూల వీడియో తయారుచేస్తారు. అందులో పేరు రావాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తారు. దీన్నే టెంప్లేట్ అంటారు. రెండో పక్క ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో పేర్ల పట్టిక ఉంటుంది. ప్రోగ్రామ్ పట్టికలో ఒక్కో వరుసే చదువుతూ, ఆ పేరును ఖాళీ చోట పెట్టి, కొత్త ఫైల్‌గా దాచుకుంటూ పోతుంది. వీడియో నిపుణులు దీన్ని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేస్తారు. డబ్బు పెట్టకుండా చేయాలనుకునేవారికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పేరును వెనక రంగు లేని బొమ్మగా ముందే చేసుకుంటే, దాన్ని వీడియో మీద అతికించడానికి ఈ ఒక్క ఆదేశం చాలు:

```
ffmpeg -i base.mp4 -i names/017.png -filter_complex "overlay=(W-w)/2:820:enable='between(t,4,9)'" -pix_fmt yuv420p -c:a copy out/017.mp4
```

17వ పేరు బొమ్మను తెరకు అడ్డంగా నడిమధ్యన, పైనుంచి 820 పిక్సెళ్ల కిందన, 4వ సెకను నుంచి 9వ సెకను దాకా చూపించమని దీని అర్థం. `yuv420p` అన్నది రంగుల అమరిక. అది లేకపోతే కొన్ని ఫోన్లలో వీడియో తెరుచుకోదు. 017 స్థానంలో 018, 019 పెట్టుకుంటూ పోవడమే ప్రోగ్రామ్ పని.

ఇంత తేలికైతే ఇక కష్టమెక్కడ? పేర్లలో. 500 మంది ఖాతాదారులున్న ఒక బట్టల దుకాణాన్నే ఉదాహరణగా తీసుకుందాం. దుకాణం కంప్యూటర్‌లో పేర్లు బిల్లుల కోసం ఇంగ్లిష్‌లో ఎక్కించినవి ఉంటాయి: `K V SATYANARAYANA`, `MURALI`, `VANI`. వీటిని యంత్రం చేత తెలుగులోకి మార్పిస్తే ‘మురళి’ కాస్తా ‘మురలి’ కావచ్చు, ‘వాణి’ ‘వని’ కావచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో ల, ళ ఒకటే. న, ణ ఒకటే. దీర్ఘం ఉందో లేదో తెలియదు. అందుకే యంత్రం ఇచ్చిన పేరును తుది పేరుగా ఎప్పుడూ తీసుకోకూడదు. పట్టికలో బిల్లు పేరు అలాగే ఉంచి, ‘తెర మీద పడాల్సిన పేరు’ అని ఇంకో వరుస పెట్టి, ఖాతాదారుల మొహాలు తెలిసిన మనిషి చేత దాన్ని నింపించాలి. `K V` ఇంటిపేరో, పేరులో భాగమో ఆ మనిషికే తెలుస్తుంది. గత ఏడాది కాలం చేసినవారు ఎవరో కూడా ఆ మనిషికే తెలుస్తుంది. పోయిన మనిషి పేరున పండగ శుభాకాంక్షలు ఆ ఇంటికి చేరితే ఆ బాధను ఏ క్షమాపణా తీర్చదు. ఈ ఒక్క పనికి ఒక పూట పట్టినా సరే, తొందరపడకూడదు.

పేరు చివర విభక్తి కూడా చూసుకోవాలి. ‘లక్ష్మికి’ అంటాం, ‘సీతకు’ అంటాం. ఒకే ప్రత్యయాన్ని అందరికీ అతికిస్తే ఎక్కడో ఒకచోట ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘గారికి’ వాడితే ఆ చిక్కు పోతుంది, మర్యాదా దక్కుతుంది. అయితే పట్టికలో కొందరికి ముందే ‘గారు’ అని రాసి ఉంటే తెర మీద ‘సుజాత గారు గారికి’ అని పడుతుంది. పేరు వరుసలో పేరు మాత్రమే ఉండాలి. చిన్నపిల్లలకైతే ‘గారికి’ నప్పదు కాబట్టి, మొత్తం వాక్యాన్నే పట్టికలో రాసుకోవడం మేలు.

పేర్లు సిద్ధమయ్యాక పట్టికను సీఎస్‌వీ ఫైల్‌గా దాస్తారు. ఎక్సెల్‌లో ఇక్కడ రెండు ఎంపికలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మామూలు `CSV (Comma delimited)` ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ `????` అయిపోతాయి. ఆ ప్రశ్నార్థకాల నుంచి పేర్లను మళ్లీ రాబట్టలేం, అసలు ఫైల్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎంచుకోవాల్సింది `CSV UTF-8`. ఫోన్ నంబర్లకూ ఇక్కడే దెబ్బ తగులుతుంది. ముందు 91 ఉన్న పన్నెండంకెల నంబరును ఎక్సెల్ `9.19877E+11` అని కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీలోకి తెర మీద కనిపించేదే వెళ్తుంది కనుక, చివరి అంకెలు పోతాయి. అంకెలు ఎక్కించక ముందే ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చుకుంటే సరిపోతుంది. పాత అను ఫాంట్లలో టైపు చేసిన పేర్లు ఉంటే అవి యూనికోడ్ కావు. వాటిని ముందు మార్చుకోకపోతే అర్థంలేని గుర్తులే మిగులుతాయి.

ఇక అసలు చిక్కుకు వద్దాం. ‘లక్ష్మి’ అనే పేరు కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ లోపల అది ఏడు ముక్కలు: ల, క, పొల్లు గుర్తు, ష, పొల్లు గుర్తు, మ, గుడి. ఈ ముక్కల్ని కలిపి ఒత్తుల్ని సరైన చోట కూర్చే పనిని షేపింగ్ అంటారు. కొన్ని వీడియో సాఫ్ట్‌వేర్లు ఆ పని చేయవు. అప్పుడు ఒత్తులు కిందికి దిగకుండా, పొల్లులు పొల్లులుగా, అక్షరాలు విడివిడిగా వరసలో నిలబడతాయి. తప్పేమీ జరిగినట్టు ప్రోగ్రామ్ చెప్పదు, వీడియో మామూలుగానే తయారవుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టైప్ సెట్టింగ్‌లకు వెళ్లి దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టుకోవాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తానే అక్షరాలు రాసే సదుపాయంలో ఈ షేపింగ్ 2023లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి చేరింది. చాలామంది కంప్యూటర్లలో ఇంకా పాత వెర్షన్లే ఉంటాయి కాబట్టి, పేరును విడిగా బొమ్మగా చేసుకోవడమే నాకు నమ్మకమైన దారి అనిపిస్తుంది. పైథాన్‌లోని పిల్లో లైబ్రరీతో ఆ బొమ్మలు చేస్తే ముందుగా ఇది అడిగి చూడాలి:

```
from PIL import features
print(features.check("raqm"))
```

`True` అని వస్తే అక్షరాలు కలుస్తాయి. `False` అని వస్తే అక్షరాలు విడిపోతాయని ముందే తెలిసిపోతుంది. విండోస్‌లో ఇలా `False` రావడం ఉంది.

ఫాంట్ల కోసం డబ్బు పెట్టనక్కరలేదు. సిలికానాంధ్ర పుణ్యమా అని రామభద్ర, మండలి, మల్లన్న, పెద్దన వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏ ఫాంట్ తీసుకున్నా 500 పేర్లూ ఒకేసారి నడపకుండా, కష్టమైన నాలుగు పేర్లతో పరీక్షించాలి: శ్రీలక్ష్మి, జ్ఞానప్రసూన, త్ర్యంబకేశ్వరరావు, రాజ్‌కుమార్. మొదటి మూడింటిలో ఒత్తులు తేలిపోతాయి. త్ర్యం కింద రెండు ఒత్తులు లోతుగా దిగుతాయి కాబట్టి, బొమ్మ ఎత్తు చాలకపోతే అడుగుభాగం తెగిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో వేసిన పెట్టెల్లో ఇది తరచూ జరుగుతుంది. నాలుగోదానిది వేరే సంగతి. రాజ్ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. అదుంటేనే జ్ పొల్లుగా నిలుస్తుంది. పట్టికను ‘శుభ్రం’ చేస్తున్నామని కనబడని గుర్తులన్నీ తీసేస్తే అది ‘రాజ్కుమార్’ అయి కూర్చుంటుంది. పేరుకు ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసేయండి, మధ్యలోది ముట్టుకోవద్దు.

తర్వాత పొడవు. ‘రమ’కు సరిపోయిన చోట ‘వేంకట సత్య సూర్యనారాయణ మూర్తి’ పట్టదు. ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి సైజు నిర్ణయించే పద్ధతి తెలుగుకు పనికిరాదు, ఇందాక చూశాంగా, లక్ష్మి ఏడుగా లెక్కకొస్తుంది. ఆ ఫాంట్‌లో ఆ పేరు ఎన్ని పిక్సెళ్ల వెడల్పు వస్తుందో ప్రోగ్రామ్ చేతే కొలిపించాలి. 1080 పిక్సెళ్ల నిలువు వీడియోలో పేరుకు 900 ఇచ్చామనుకుందాం. 120 సైజులో మొదలుపెట్టి, పట్టేదాకా నాలుగేసి చొప్పున తగ్గిస్తూ రావాలి. 70 దగ్గర ఆగి, అప్పటికీ పట్టకపోతే రెండు వరుసలుగా విరవాలి. అంతకంటే తగ్గితే పెద్దవాళ్లు ఫోన్‌లో చదవలేరు, పొడవు పేర్లు ఎక్కువగా వాళ్లవే.

ఒక్కో వీడియో తయారీకి మీ కంప్యూటర్ 15 సెకన్లు తీసుకుంటే 500కి 7500 సెకన్లు, అంటే రెండు గంటలు దాటుతుంది. దీన్ని తగ్గించే కిటుకు ఒకటుంది. పేరు కనబడేది 5 సెకన్లే కదా. మూల వీడియోను మూడు ముక్కలు చేసి, మధ్య ముక్కను మాత్రమే ప్రతి పేరుకూ కొత్తగా తయారుచేసి, మిగతా రెంటినీ ఉన్నవున్నట్టు అతికించవచ్చు. పని నాలుగో వంతుకు దగ్గరగా వస్తుంది. షరతు ఏమిటంటే మూడు ముక్కలూ ఒకే కొలతలో, ఒకే సెట్టింగులతో తయారై ఉండాలి. సన్నాయిని మాత్రం ముక్కలు చేయకూడదు, అతుకుల దగ్గర టక్కుమంటుంది. బొమ్మ ముక్కలు కలిపాక పాట మొత్తాన్నీ ఒకేసారి పైన వేయాలి.

ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు ‘లక్ష్మి.mp4’ అని మనిషి పేరు పెడితే, రెండో లక్ష్మి వీడియో మొదటి లక్ష్మి వీడియోను చెరిపేస్తుంది. చివరికి 500 వరుసలకు 470 ఫైళ్లే మిగిలితే కారణం ఇదే. పట్టికలో ప్రతి వరుసకూ ఒక సంఖ్య ఇచ్చి, ఫైల్‌కు ఆ సంఖ్యే పెట్టాలి. పేరు, నంబరు, ఫైల్ మూడింటినీ కట్టి ఉంచే తాడు ఆ సంఖ్యే. ఎవరైనా పేర్ల వరుసను మాత్రమే అక్షరక్రమంలో పెట్టి, నంబర్ల వరుసను వదిలేస్తే, అందరికీ వేరేవాళ్ల పేరుతో వీడియోలు వెళ్తాయి. అందుకే పంపే ముందు పట్టికలో అక్కడక్కడా పది వరుసలు ఏరి, ఫోన్‌లో దాచుకున్న నంబర్లతో సరిచూడాలి.

500 వీడియోలు కూర్చుని చూడక్కరలేదు. ప్రతిదాంట్లో 6వ సెకను దగ్గర ఒక్క బొమ్మ తీయించి, పేజీకి 40 చొప్పున వేస్తే 13 పేజీలవుతాయి. పట్టిక నింపిన మనిషి కాకుండా ఇంకొకరు వాటిని చదవాలి. రాసినవారి కన్ను తమ తప్పు మీదుగా జారిపోతుంది. తెగిన ఒత్తు, విడిపోయిన శ్రీ, రెండు గారులు పేజీ మీద ఇట్టే దొరుకుతాయి.

చివరగా పంపడం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఇక్కడ పనికిరాదు, అది అందరికీ ఒకే సందేశం పంపుతుంది. ఒక్కొక్కరికి చేత్తో పంపాలి, లేదా వ్యాపారాలకు వాట్సాప్ ఇచ్చే ఏపీఐ ద్వారా ముందే ఆమోదం పొందిన సందేశంతో పంపాలి. బిల్లు కోసమిచ్చిన నంబరును పండగ సందేశాలకు వాడుకునే ముందు ఖాతాదారుణ్ని అడగడం న్యాయం. వ్యక్తిగత సమాచారం విషయంలో అనుమతికి పెద్దపీట వేస్తూ 2023లో చట్టం కూడా వచ్చింది. వద్దన్నవారి వరుస పట్టికలోంచి తీసేయాలి. పంపినవారి వరుసలో ‘వెళ్లింది’ అని ఎప్పటికప్పుడు రాసుకుంటే, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు, ఎవరికీ రెండుసార్లు వెళ్లదు.