ఒక్క శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల అప్పు

నూటికి నెలకు రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అని లెక్కగట్టుకోవడం మనకు అలవాటు. ఆ లెక్కలో ఏడాదికి ఒక శాతం తేడా అంటే నూటికి నెలకు ఎనిమిది పైసల చిల్లరే. చేబదులు తీసుకునేటప్పుడు ఎవరూ దానికోసం బేరమాడరు. ఇరవై ఏళ్ల ఇంటి రుణం మీద ఆ ఎనిమిది పైసలు ఎంతవుతాయో ఒకసారి చూద్దాం.

30 లక్షల రుణం, 240 నెలల గడువు అనుకోండి. 8.5 శాతం వడ్డీకైతే ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు. మొత్తం మీద కట్టే వడ్డీ 32 లక్షల 48 వేలు. అదే రుణం 9.5 శాతానికి తీసుకుంటే ఈఎంఐ 27,964, వడ్డీ 37 లక్షల 11 వేలు. నెలకు 1,929 రూపాయల తేడా, చివరికి లెక్క చూస్తే 4 లక్షల 63 వేలు. ఇది అందరూ చూసే లెక్క. అసలు దెబ్బ తగిలేది మరో చోట.

మన దగ్గర ఇంటి రుణాలు చాలావరకు ఫ్లోటింగ్ రేటువి, అంటే మధ్యలో వడ్డీ మారేవి. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటును రిజర్వ్ బ్యాంకు 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతానికి పెంచింది. ఇలా రేటు పెరిగినప్పుడు బ్యాంకులు తరచూ ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పొడిగిస్తాయి. నెలనెలా ఖాతాలోంచి పోయే మొత్తం మారదు కాబట్టి చాలామందికి ఏం జరిగిందో కూడా తెలియదు.

మన ఉదాహరణలో 8.5 శాతానికి రుణం తీసుకున్న కొద్ది రోజులకే రేటు 9.5 అయిందనుకుందాం. ఈఎంఐ అదే 26,035. ఇప్పుడు అప్పు తీరడానికి 240 నెలలు చాలవు, 309 నెలలు పడుతుంది. దాదాపు ఐదేళ్ల తొమ్మిది నెలలు అదనం. కట్టే వడ్డీ 50 లక్షల 33 వేలకు చేరుతుంది. ముందు అనుకున్నదానికంటే 17 లక్షల 85 వేలు ఎక్కువ!

ఇంత తేడా ఎందుకొస్తుందో మొదటి వాయిదాను విప్పి చూస్తే అర్థమవుతుంది. 8.5 శాతం దగ్గర ఆ 26,035లో 21,250 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 4,785. రేటు 9.5 కాగానే వడ్డీ 23,750 అవుతుంది. అసలుకు మిగిలేది 2,285 మాత్రమే. వడ్డీ పెరిగింది ఒక శాతమే అయినా అసలు తీరే వేగం సగానికి పైగా పడిపోయింది. రేటు 10.4 శాతం దాటితే ఆ ఈఎంఐ వడ్డీకే చాలదు. అప్పు తగ్గకపోగా పెరుగుతుంది.

ఇదే పెంపు పదిహేనేళ్లు కట్టాక వస్తే? అప్పటికి మిగిలిన అసలు సుమారు 12 లక్షల 69 వేలు. గడువు రెండు నెలలు పెరుగుతుంది, భారం 50 వేల లోపే. కాబట్టి రుణం కొత్తగా తీసుకున్నవాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాలి.

గడువు పొడిగించడం ఒక్కటే దారి కాదు. ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత చేయాలా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఇప్పటివరకు వసూలైన అసలెంత, వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో చెప్పే స్టేట్‌మెంటు మూడు నెలలకోసారి అందుబాటులో ఉంచాలని కూడా చెప్పింది. ఆ కాగితంలో ముందు చూడాల్సింది మిగిలిన వాయిదాల సంఖ్య. మూడు నెలల్లో మూడు వాయిదాలు కట్టినా ఆ సంఖ్య తగ్గలేదంటే, మీకు తెలియకుండానే గడువు పెరిగిందన్నమాట.

అప్పుడు బ్యాంకుకు వెళ్లి ఈఎంఐ పెంచమని రాసివ్వవచ్చు. 1,929 మొత్తం భరిస్తే గడువు 240 నెలల దగ్గరే ఆగుతుంది. అంత వీలుకాకపోతే సగం భరించినా ఫలితం కనిపిస్తుంది. మన ఉదాహరణలో ఈఎంఐని 26,035 నుంచి 27,000కు పెంచితే, అంటే నెలకు 965 ఎక్కువ కడితే, 309 నెలల గడువు 269కి దిగుతుంది. వడ్డీ 50 లక్షల 33 వేల నుంచి సుమారు 42 లక్షల 50 వేలకు తగ్గుతుంది.