నోటీసు పీరియడ్‌లో సెలవు కావాలా?

రాజీనామా ఇచ్చాక సెలవు అడగడానికి చాలామంది జంకుతారు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ముందు అపాయింట్‌మెంట్ లెటర్, సెలవుల పాలసీ ఒకసారి తిరగేయాలి. నోటీసు కాలంలో ఎన్ని రోజులు సెలవు పెడితే చివరి పనిదినాన్ని అన్ని రోజులూ పొడిగించే కంపెనీలు చాలా ఉన్నాయి. కొత్త ఉద్యోగంలో చేరే తేదీ దగ్గర్లో ఉంటే చిక్కంతా అక్కడే.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి 60 రోజుల నోటీసు అనుకుందాం. ఆరో వారంలో రాజమండ్రిలో చెల్లెలి పెళ్లి. నాలుగు రోజులు కావాలి. పని అప్పగింత సెషన్లు కూడా ఆ వారమే ఉన్నాయి. ఆమె ముందుగా, పని అందుకునే సహోద్యోగితో మాట్లాడి వాటిని ఐదో వారానికి జరుపుకోవాలి. ఏడో వారంలో అతనే సొంతంగా పని చేస్తుంటే ఆమె పక్కనుండి చూడాలి. పత్రాల్లో రాయని విషయాలు బయటపడేది అప్పుడే.

ఆ తర్వాతే మేనేజర్‌కు మెయిల్ పెట్టాలి. సెలవు తేదీలు, మార్చిన సెషన్లు, తను లేనప్పుడు ఎవరిని అడగాలో అందులో ఉండాలి. "ఈ సెలవు వల్ల నా చివరి పనిదినం మారుతుందా?" అని హెచ్‌ఆర్‌ను కూడా అడగాలి.

జవాబు నోటిమాటగా వస్తే సరిపోదు. లెక్క తేడా వస్తే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోత పడొచ్చు, రిలీవింగ్ లెటర్ ఆలస్యం కావచ్చు. రాతపూర్వకంగా ఆమోదం వచ్చాకే టికెట్ కొనండి.