ఎవరి వడ్డాణం ఎవరింటికి చేరింది?

స్కూల్ వార్షికోత్సవంలో వస్తువులు ఎక్కువగా పోయేది ప్రదర్శన నడుస్తున్నప్పుడు కాదు, ముగిశాక. చివరి పాట అయిపోగానే తల్లిదండ్రులు తెర వెనక్కి వచ్చి, వేషంతోనే పిల్లల్ని ఇంటికి తీసుకెళ్తారు. అద్దె సెట్టులోని పాపిడిబిళ్ళ ఒకరింటికి, ఎవరో ఇచ్చిన ఇత్తడి తాంబాళం ఇంకొకరింటికి చేరతాయి. ముందే జాబితా రాసుకున్నా ఇలా జరుగుతుంది, ఎందుకంటే చాలా జాబితాల్లో వస్తువు పేరు ఉంటుంది కానీ దాని ప్రయాణం ఉండదు.

పనికొచ్చే జాబితాను కార్యక్రమాల వరుసలోనే రాయాలి. ఏ అంశం, ఎవరి వేషం, ఏ వస్తువు, అది ఎవరిది, వేదికకు ఏ వైపు నుంచి వెళ్తుంది, ఏ వైపు దిగుతుంది, దిగాక ఎవరికి అప్పగించాలి, చివరగా తీసుకున్నవారి సంతకం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడో తరగతి అమ్మాయి మూడో అంశంలో బతుకమ్మ ఆడుతుంది, ఐదో అంశంలో రుద్రమదేవి. మధ్యలో ఉన్నది ఐదు నిమిషాల పాట ఒక్కటే. ఆట ముగిశాక ఆమె కుడివైపు దిగుతుంది, కత్తీ కిరీటమూ ఎడమవైపు బల్ల మీద ఉన్నాయి. ఈ తిప్పలు కాగితం మీదే కనిపిస్తాయి కాబట్టి వాటిని ముందే కుడివైపుకు మార్చవచ్చు. లంగా కిందే పైజామా వేసి పంపితే, అంగీకి గుండీల బదులు వెల్క్రో కుడితే సమయం కలిసొస్తుంది. అయినా రిహార్సల్‌లో గడియారం పెట్టి చూడాల్సిందే. ఏడు నిమిషాలు పడితే పిల్లను తొందరపెట్టడం కాదు, మధ్యలో ఇంకో అంశం చేర్చాలి.

ఆ బతుకమ్మ తాంబాళమే ఐదో అంశంలో హారతి పళ్ళెం అవుతుందనుకుందాం. దాన్ని ఇచ్చిన తల్లి, తన బిడ్డ ఆట అయిపోగానే తీసుకెళ్ళబోతుంది. అందుకే ఆ వరుసలో ‘ఐదో అంశం తర్వాతే వాపసు’ అని రాసి, ఆమెకు ముందే చెప్పాలి.

తెర వెనుక బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి పేరు రాస్తే, లేనిదేదో ఒక్క చూపులో తెలుస్తుంది. అద్దె డ్రెస్సులకు మాత్రం లెక్క షాపులోనే మొదలవ్వాలి. నాట్యం సెట్టులో జాకెట్టు, పైజామా, విసనకర్ర మడతలు, వడ్డాణం, వంకీలు, సూర్యచంద్రులు, జడ విడివిడిగా ఉంటాయి. తీసుకునేటప్పుడే లెక్కపెట్టి, ఉన్న చిరుగుల్ని ఫొటో తీసి ఉంచకపోతే డిపాజిట్టులో కోత పడినప్పుడు వాదించడానికి ఏమీ ఉండదు.

వాపసు విషయంలో అన్నిటికన్నా బాగా పనిచేసే పద్ధతి చాలా మామూలుది. పిల్లల ఇంటి బట్టల సంచి టీచరు దగ్గర ఉంటుంది. వేషం, నగలు జాబితా ప్రకారం అప్పగించి సంతకం అయ్యాకే ఆ సంచి చేతికొస్తుంది. చిన్న తరగతుల పిల్లలకైతే తల్లి లేదా తండ్రి చేతే సంతకం పెట్టించాలి.

ఇంటి నుంచి వస్తువు పంపే తల్లిదండ్రులు కూడా దాని అడుగున ఒక గుడ్డ టేపు అంటించి, బిడ్డ పేరు, తరగతి రాసి పంపండి.