ఆక్సిజన్ దిగే మెట్లు

ఆక్సిజన్ ఎప్పుడూ పీడనం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికే పారుతుంది. అందుకే బయటి గాలి నుంచి కణం లోపలి మైటోకాండ్రియా దాకా దాని పీడనం మెట్టుమెట్టుకూ తగ్గుతూ పోతుంది.

సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఆక్సిజన్ వాటా 21 శాతం, అంటే దాదాపు 160. దీన్నే పాక్షిక పీడనం అంటారు. పీల్చిన గాలి ముక్కు, శ్వాసనాళాల్లో వేడెక్కి తడిసేసరికి నీటి ఆవిరి 47 మిల్లీమీటర్లు ఆక్రమిస్తుంది. మిగిలిన 713లో 21 శాతం అంటే 150.

పెద్ద తగ్గుదల ఊపిరితిత్తుల గాలి గదుల్లో కనిపిస్తుంది. అక్కడ రక్తం ఆక్సిజన్‌ను తీసుకుంటూ, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూ ఉంటుంది. శరీరం పది పాళ్ల ఆక్సిజన్ వాడితే సుమారు ఎనిమిది పాళ్ల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కాబట్టి గాలి గదిలో దాని పీడనం 40 ఉంటే, 40ని 0.8తో భాగించగా వచ్చే 50 ఆక్సిజన్ లెక్కలోంచి పోతుంది. మిగిలేది 100. ధమనుల్లోకి వచ్చేసరికి 95. కణజాలానికి ఇవ్వాల్సింది ఇచ్చి సిరల్లో తిరిగొచ్చే రక్తంలో 40. మైటోకాండ్రియా దగ్గర మిగిలేది కొద్ది మిల్లీమీటర్లే. అయినా ఒకటి రెండు ఉన్నా వాటి పని సాగుతుంది.

పై మెట్టే కుంగిపోతే ఏమవుతుంది? 2007 మేలో బ్రిటిష్ వైద్యుల బృందం ఒకటి ఎవరెస్టు మీద, 8,400 మీటర్ల ఎత్తున, నలుగురు పర్వతారోహకుల తొడ ధమని నుంచి రక్తం తీసింది. నమూనాలను 6,400 మీటర్ల శిబిరానికి దింపి పరీక్షించారు. పైన వాతావరణ పీడనం 272. ఆవిరి 47 తీసేస్తే 225, అందులో 21 శాతం 47. కార్బన్ డయాక్సైడ్ మామూలుగా 40 ఉండి ఉంటే, 47లోంచి 50 పోవాలి. అది కుదిరే లెక్క కాదు. వాళ్లు ఎడతెగకుండా రొప్పుతూ ఆ వాయువును సగటున 13కి దించుకున్నారు. అందువల్లే గాలి గదుల్లో సుమారు 30, ధమనుల్లో సగటున 24.6 మిగిలింది. వారాల తరబడి ఎత్తుకు అలవాటు పడ్డవాళ్లు కాబట్టి ఆ స్థితిలోనూ స్పృహలో ఉన్నారు.

ఇదే లెక్క ఆసుపత్రిలో తిరగబడుతుంది. మత్తుమందు ఎక్కువై ఊపిరి మందగిస్తే కార్బన్ డయాక్సైడ్ 80కి చేరవచ్చు. అప్పుడు 150లోంచి 100 పోయి గాలి గదుల్లో 50 మాత్రమే ఉంటుంది. మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే పై మెట్టు పెరిగి, వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ మంచి అంకె చూపిస్తుంది. పేరుకుపోతున్న కార్బన్ డయాక్సైడ్ మాత్రం అందులో కనిపించదు. అందుకే అలాంటి రోగికి ఆక్సీమీటర్ అంకెతో పాటు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో కూడా లెక్కపెట్టాలి.