వృద్ధాప్య సాహచర్యం – జాలిచూపు: ‘మిథునం’ చిత్ర పరిశీలన

అన్నవరం రత్నగిరిపై సత్యనారాయణ వ్రతానికి దంపతులు పీటలపై పక్కపక్కన కూర్చుంటారు. పెళ్ళైన కొత్తలో కూర్చున్నవారే ముదిమిలోనూ వచ్చి కూర్చోవడం అక్కడ అరుదు కాదు. ఇటువంటి వ్రతాలతో, నోములతో పెరిగిన స్త్రీకి తెలుగు సమాజం నేర్పిన కోరిక ఒకటుంది: భర్త కన్నా ముందు, పసుపు కుంకుమలతో కన్నుమూయాలని. తనికెళ్ళ భరణి దర్శకత్వంలో 2012లో విడుదలైన ‘మిథునం’ ఈ కోరికను తలకిందులు చేసింది. వయసు మళ్ళిన ప్రేక్షకులను చిన్నబుచ్చని చిత్రంగా దానిని పరిశీలించడానికి ఇదే సరైన ప్రవేశద్వారం.

వృద్ధులపై తీసిన చిత్రాలలో చిన్నచూపు ఎక్కడి నుండి వస్తుంది? సంభాషణలలోకన్నా, కథలో ముసలివారిని ఎవరు చూస్తున్నారన్న దానిలో అది ఉంటుంది. ‘బడిపంతులు’ (1972)లో కొడుకులు తల్లిదండ్రులను చెరొకచోటికి పంచుకుంటారు. చివరకు పూర్వ విద్యార్థి ఆదుకుంటాడు. బాధపెట్టేదీ, గట్టెక్కించేదీ తర్వాతి తరమే. వృద్ధ దంపతులకు మిగిలేది సహనం. పంతులుగా నటించిన ఎన్.టి. రామారావుకు అప్పటికి 49 ఏళ్ళు కనుక ఆ వార్ధక్యం కూడా వేషమే. చిత్రం గొప్పదే, కాని ప్రేక్షకుని స్థానం మాత్రం పిల్లలవైపే ఉంది.

శ్రీరమణ కథ ఆధారంగా వచ్చిన ‘మిథునం’లో తెరపై కనిపించేవి రెండే పాత్రలు: అప్పదాసు, బుచ్చిలక్ష్మి. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు, తెరపైకి రారు. వారు రాకపోవడాన్ని కేవలం నిర్మాణ సౌలభ్యంగా భావించలేం. జాలిపడే కళ్ళు చట్రంలో లేకపోవడంతో పెరటితోట, ఆవు, వంట, తిండియావ, కీచులాట కథకు కేంద్రమయ్యాయి. 66 ఏళ్ళ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఒకరినొకరు దెప్పుకుంటుంటే మనం నవ్వేది వారి చమత్కారానికే. వారి వయసుకు కాదు.

ముగింపులో అప్పదాసు ముందుగా మరణిస్తాడు. బుచ్చిలక్ష్మి కోరుకున్నదీ అదే. తాను లేకపోతే అతనికి గడవదని ఆమెకు తెలుసు. సుమంగళిత్వం కన్నా సహచరుని సౌఖ్యాన్ని ముందుంచిన ఈ ఆలోచనలో త్యాగం కన్నా లోకజ్ఞానం ఎక్కువ. ఇదే కథను ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’ (2000)గా తీశారు. అందులోనూ భర్త పోయాక భార్య పిల్లల వెంట వెళ్ళక తన ఇంటనే ఉండిపోతుంది.

అయితే ఒక అభ్యంతరం తప్పదు. అప్పదాసుకు గడవకపోవడానికి కారణం అతని భోజనప్రీతి మొత్తం ఆమె పొయ్యిపై ఆధారపడి ఉండడమే. ఈ అసమానతను చిత్రం ముద్దుచేసిందే గాని ప్రశ్నించలేదు. పైగా ఇల్లూ, పెరడూ, పాడీ ఉన్నవారికే సాధ్యమయ్యే ఏకాంతమిది.

దాంపత్యం వెలుపలి స్నేహం తెలుగు తెరపై మరీ అరుదు. నందినీరెడ్డి ‘ఓ బేబీ’ (2019)లో అదే లక్ష్మి పోషించిన వృద్ధురాలికి చంటి (రాజేంద్రప్రసాద్) వంటి చిరకాల మిత్రుడున్నాడు. కాని కథలో అధికభాగం ఆమె యువతిగా, సమంత రూపంలో, ఉంటుంది. డెబ్బై ఏళ్ళ దేహంతోనే ఆ స్నేహాన్ని చివరిదాకా నడిపే చిత్రం అయి ఉంటే, అది ‘మిథునం’ సరసన నిలిచేది.