99 రూపాయల ట్రయల్ క్లాసు

ఉద్యోగం చేసే ఆడవాళ్ల కోసం నడిచే ఆన్‌లైన్ యోగా బ్యాచ్‌లు ఎక్కువగా పొద్దున ఆరుకు ముందో వెనకో, లేదంటే రాత్రి ఏడు దాటాకో ఉంటాయి. వంట, పిల్లల స్కూలు బస్సు, ఆఫీసు పని మధ్య దొరికే ఖాళీ అంతే. ఈ బ్యాచ్‌ల మెంబర్‌షిప్ దాదాపు ఎప్పుడూ ట్రయల్ క్లాసుతోనే మొదలవుతుంది. ఒక క్లాసు ఉచితమనో, 99 రూపాయలకు మూడు క్లాసులనో ప్రకటన వస్తుంది. లింకు నొక్కి చేరాక క్లాసు బాగానే ఉంటుంది, ఉండేలాగే చూసుకుంటారు కూడా. కొన్నిచోట్ల ట్రయల్‌ను బాగా అనుభవమున్న టీచరు తీసుకుంటారు, రోజువారీ బ్యాచ్ మాత్రం వేరొకరి చేతిలో ఉంటుంది. అందుకే చేరబోయే బ్యాచ్‌లోనే, ఆ వేళకే, ఆ టీచరు దగ్గరే ట్రయల్ ఇవ్వమని అడగడం మంచిది. కాదంటే ఆ జవాబును బట్టే కొంత అర్థం చేసుకోవచ్చు.

ట్రయల్‌లో తేల్చుకోవాల్సిన ముఖ్యమైన సంగతి, టీచరుకు మనం కనపడుతున్నామా లేదా అన్నది. ఫోనును అడ్డంగా పెట్టి, మ్యాట్‌కు పక్కవైపు ఆరేడు అడుగుల దూరంలో నిలబెడితే తల నుంచి పాదం దాకా తెరలో పడుతుంది. మనం అంత చేసినా, అవతల టీచరు తానే ఆసనాలు వేసి చూపిస్తూ ఫోనులో క్లాసు నడుపుతుంటే లాభం లేదు. ఆ చిన్న తెర మీద ఒకేసారి నలుగురైదుగురికి మించి కనపడరు. పరీక్షించడం తేలికే. వీరభద్రాసనంలో ముందు మోకాలును కావాలని కొంచెం లోపలికి వాల్చి ఉంచాలి. కాసేపట్లో పేరు పెట్టి పిలిచి సరిచేస్తే టీచరు చూస్తున్నట్టే. క్లాసంతా అయినా ఎవరి పేరూ వినపడకపోతే, అది డబ్బు కట్టి చూసే వీడియో. రోజంతా కూర్చుని పనిచేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నడుము డిస్కు నొప్పి ఉన్నా వంగి పాదాలు పట్టుకోబోయేవాళ్లను, బీపీ ఎక్కువగా ఉండి సర్వాంగాసనానికి కాళ్లు లేపబోయేవాళ్లను ఆపాల్సింది ఆ కన్నే. మంచి టీచరు క్లాసు మొదలుకాకముందే బీపీ, ఆపరేషన్లు, గర్భం, నెలసరి గురించి అడుగుతారు.

క్లాసు అయిన గంటలోపే వాట్సాప్‌లో ఆఫర్ వస్తుంది: నెలకు 1,200, ఏడాదికైతే 6,000, ఈ రాత్రి వరకే. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలు. నెలకు ఇరవై క్లాసులంటే ఒక్కోటి 60 రూపాయలు. హైదరాబాద్ హైటెక్ సిటీలో షిఫ్టులు మారే ఉద్యోగినికి వారానికి రెండు కుదిరితే నెలకు ఎనిమిది. అప్పుడు ఒక్కో క్లాసు 150 పడుతుంది. ఏడాది ప్లాన్ తీసుకుని, మూడు నెలలకే మానేస్తే 24 క్లాసులకు 6,000, అంటే క్లాసు 250. అదే నెలనెలా కట్టి ఉంటే 3,600తో పోయేది. ఈ లెక్కలో అయిదు నెలలు నిండితేనే రెండూ సమానం, ఆరో నెల నుంచే ఏడాది ప్లాన్ చవక. కాబట్టి మొదట ఒక నెలకే కట్టి, ఎన్ని క్లాసులకు వెళ్లగలిగారో చూసుకోవడం తెలివైన పని. “ఈ రాత్రి వరకే” అన్న ఆఫర్ మర్నాడు కూడా ఉందంటే అది ఉత్త తొందరపెట్టడమే. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి అబద్ధపు తొందర, బయటపడనివ్వని సభ్యత్వం రెండూ నిషేధించిన ఎత్తుగడల జాబితాలో ఉన్నాయి.

ఆ రెండోది ట్రయల్ రుసుము కట్టే చోటే మొదలవుతుంది. 99 కట్టేటప్పుడు యూపీఐ తెర మీద “ఆటోపే” అన్న మాట, దాని కింద గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్లకోసారి కోత, ఎప్పటివరకు అన్నవి కనిపిస్తే అది ఒక్కసారి చెల్లింపు కాదు. అక్కడ పిన్ కొడితే, ట్రయల్ తర్వాత పూర్తి రుసుము తనంతట తనే ఖాతా నుంచి వెళ్లడానికి అనుమతి ఇచ్చినట్టు. 15,000 లోపు మొత్తాలకు మామూలుగా ప్రతిసారీ పిన్ అడగరు. కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆఫీసు మెసేజ్‌ల గుంపులో అది కనపడకుండా పోతుంటుంది. యోగా యాప్‌ను ఫోను నుంచి తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. డబ్బు పంపే యాప్‌లోనే ఆటోపే విభాగంలోకి వెళ్లి ఆ అనుమతిని రద్దు చేయాలి.

చేరేముందు రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా అడిగి ఉంచుకోవాల్సినవి రెండున్నాయి. ఊరు వెళ్లినా, ఆఫీసులో నెలాఖరు పని మీద పడినా మెంబర్‌షిప్‌ను కొన్నాళ్లు ఆపి ఆ రోజులను వెనక కలుపుకోవచ్చా? మానేస్తే మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇస్తారా? మాట ఇచ్చి తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లే ఆధారం.