గారెల పిండి తేలితే చాలదా?

కొత్త మిక్సీ ప్రకటనకు 30 సెకన్లే ఉన్నాయి. కంటతడి పెట్టించే కథ చెప్పాలా, గిన్నెలో పప్పు వేసి తిప్పి చూపించాలా? వస్తువు గొప్పతనం కంటికి కనిపిస్తుందా లేదా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ప్రెషర్ కుక్కర్ సంగతే చూడండి. పేలకపోవడమే దాని గొప్పతనం. జరగనిదాన్ని ఎలా చూపిస్తాం? పేలుతున్న కుక్కర్ తెర మీద కనిపిస్తే కొనాలనుకున్నవారు కూడా వెనక్కి తగ్గుతారు. అందుకే ప్రెస్టీజ్ వారు భార్యను ప్రేమించే భర్త ఈ కుక్కర్‌ను ఎలా కాదంటాడని హిందీలో అడిగారు. భద్రత గురించిన భయం ప్రేమ మాటగా మారింది. అక్కడ కథే సరైన దారి.

మిక్సీ అలా కాదు. అమెరికాలో బ్లెండ్‌టెక్ అనే కంపెనీ 2006లో తన బ్లెండర్‌లో గోలీలు వేసి తిప్పి, ఆ వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టింది. తెల్లకోటు వేసుకుని మీట నొక్కింది కంపెనీ స్థాపకుడు టామ్ డిక్సనే. మరుసటి ఏడాది ఐఫోన్‌నూ పొడి చేశాడు. కథ లేదు, కన్నీళ్లు లేవు. అయినా జనం ఎగబడి చూశారు.

మన వంటింట్లో గోలీలతో పనిలేదు, మినప్పప్పు చాలు. కథ దారిలో తీస్తే ఇలా ఉంటుంది: కొత్త కాపురం, అత్తగారు వస్తున్నారు, అమ్మాయి కంగారు, అమ్మ జ్ఞాపకాలు. ఇరవై సెకన్లు ఇట్టే గడిచిపోతాయి. మిక్సీ చివర్లో మెరిసి మాయమవుతుంది. దాని స్థానంలో పోటీ కంపెనీ మిక్సీ పెట్టినా కథ చెక్కుచెదరదు. అదే అసలు లోపం.

ఉత్త ప్రదర్శనకూ చిక్కులున్నాయి. పిండి రుబ్బడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. దాన్ని మూడు సెకన్లకు కత్తిరిస్తే, ఆ పిండి ముందే రుబ్బి పెట్టిందేమోనని ఇల్లాలికి అనుమానం వస్తుంది. నీళ్లు ఎక్కువ పోస్తే ఏ మిక్సీ అయినా తిప్పుతుందని ఆమెకు తెలుసు. అందుకని కొలత కనబడాలి, నీళ్లు చెంచాతో చిలకరించడం కనబడాలి. ఆపై రుజువు కావాలి.

ఆ రుజువు మన ఇళ్లలోనే ఉంది. గిన్నెడు నీళ్లలో చిటికెడు పిండి వేస్తే తేలాలి. నేనైతే ప్రకటనను అక్కడి నుంచే మొదలుపెడతాను. యూట్యూబ్‌లో చాలా ప్రకటనలను 5 సెకన్లకే దాటేయొచ్చు కాబట్టి, తేలే ముద్ద ఆలోపే కనబడాలి. తర్వాత మిక్సీలో పప్పు తిరుగుతుంది. ఫోన్‌లో అమ్మ గొంతు వినిపిస్తుంది: “గట్టిగానే రుబ్బావుటే? నీళ్లు ఎక్కువ పోయలేదుగా?” కూతురు నవ్వి గిన్నె చూపిస్తుంది. కథకు అంత చోటు చాలు.

మిక్సీ అమ్మాలంటే నా ఓటు ప్రదర్శనకే. ఆ పిండి మాత్రం కెమెరా ముందు, ఆ మిక్సీలోనే రుబ్బాలి.